సూది వద్దని కత్తికి ఒప్పుకుంటే: తొడలో గడ్డ కథ

గడ్డకి సూది పొడిస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకిపోతుంది అనే మాట మన ఇళ్ళల్లో వినని వాళ్ళుండరు. విచిత్రం ఏంటంటే అదే ఇంట్లో అదే మనుషులు, సూది మాత్రం వద్దు గానీ మొత్తం గడ్డ కోసి తీసేయమంటే వెంటనే సరే అంటారు. మామూలు కొవ్వు గడ్డ అయితే ఈ లెక్క ఎలా ఉన్నా పెద్దగా నష్టం ఉండదు. ఆ గడ్డ సాఫ్ట్ టిష్యూ సార్కోమా అయితే మాత్రం లెక్క పూర్తిగా తలకిందులు, అక్కడ సూది దాదాపు ఏమీ చెయ్యదు, అసలు దెబ్బ ప్లాన్ లేకుండా చేసిన ఆపరేషన్‌తోనే.

సార్కోమా అంటే కండరం, కొవ్వు, నరాల తొడుగు, రక్తనాళాల గోడ లాంటి వాటి జాతి కణాల్లోంచి పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో ఇది సుమారు 1 శాతమే, ఎక్కువగా కనిపించేది కాళ్ళల్లో, అందులోనూ తొడలో. ఒంటి మీద వచ్చే మామూలు గడ్డలు దీనికంటే కనీసం వంద రెట్లు ఎక్కువ ఉంటాయి. అందుకే ఓపీలో కూర్చున్న జనరల్ సర్జన్ కెరీర్ మొత్తంలో చూసే సార్కోమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కొవ్వు గడ్డలు మాత్రం వారానికి రెండు మూడు తీస్తుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. దాన్ని నిర్లక్ష్యం అనేకంటే అలవాటు అనడమే కరెక్టు.

ఒక కేసు ఊహించుకుందాం. మనిషి ఊహే గానీ ఇందులో ప్రతి అడుగూ సార్కోమా డాక్టర్లు మళ్ళీ మళ్ళీ చూసేదే. 36 ఏళ్ళ మనిషి, సొంతూరు మదనపల్లె, బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాడు, ఆఫీసు పని. ఎడమ తొడ ముందువైపు కాస్త బయటికి ఒక గట్టి ఉబ్బు ఉందని జీన్స్ ఆ పక్క బిగుతవుతుంటే తెలిసింది. నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఏడాది కింద బైక్ మీంచి పడ్డాడు కాబట్టి ఆ దెబ్బే ఏదో గడ్డ కట్టుకుందిలే అనుకున్నాడు. ఎనిమిది నెలల్లో అది నిమ్మకాయ సైజు నుంచి పెద్ద కోడిగుడ్డు కంటే ఎక్కువైంది.

ఇక్కడ ఆగి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది నొప్పి. నొప్పి లేదు కదా పర్లేదు అనేది మన లాజిక్కు, కానీ సార్కోమా చాలాసార్లు నొప్పి లేకుండానే పెరుగుతుంది, అది కండరాన్ని పక్కకి తోస్తూ తనకి చోటు చేసుకుంటుంది తప్ప మొదట్లో దేన్నీ పెద్దగా నొక్కదు. అలాగని నొప్పి ఉంటే మంచిదని కాదు, పెరుగుతూ నొప్పెడుతున్న గడ్డ కూడా అనుమానించాల్సిందే. రెండోది దెబ్బ. దెబ్బకి సార్కోమా రాదు, దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టి చూసుకుంటాం కాబట్టి అప్పటికే ఉన్నది కనపడుతుంది, అంతే. నిజంగా రక్తం గడ్డకట్టినదే అయితే కొన్ని వారాల్లో కరుగుతూ రావాలి, నెలలు గడిచినా తగ్గకుండా పెరుగుతోందంటే అది దెబ్బ గడ్డ అనే మాట పక్కన పెట్టేయాలి.

మూడోది లోతు, ఇది చేత్తోనే కొంతవరకు తెలుస్తుంది. కండరం మీద తెల్లటి గట్టి పొర ఒకటి ఉంటుంది, ఫేషియా అంటారు. గడ్డ దానికి పైన చర్మం కింది కొవ్వులో ఉందా, దాని కింద కండరంలో ఉందా అన్నదే అసలు ప్రశ్న. కుర్చీలో కూర్చుని కాలు వదులుగా పెట్టినప్పుడు గడ్డని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూస్తే కాస్త కదులుతుంది, మోకాలు చాపి తొడ కండరం బిగించి మళ్ళీ కదిపితే గట్టిగా పాతుకుపోయినట్టు నిలబడిపోతే అది లోపలిదే అని గట్టి అనుమానం. పైపైన ఉన్న కొవ్వు గడ్డ కండరం బిగించినా అలాగే జారుతూ ఉంటుంది. సైజు 5 సెంటీమీటర్లు దాటడం, పెరుగుతుండడం, లోతుగా ఉండడం, ఒకసారి తీసేసిన చోటే మళ్ళీ రావడం, వీటిలో ఏ ఒక్కటున్నా అది క్యాన్సర్ అని కాదు గానీ స్కానింగ్, బయాప్సీ లేకుండా కత్తి పెట్టకూడని గడ్డ అని అర్థం. మన మదనపల్లె మనిషికి అప్పటికే మూడు ఉన్నాయి.

అతను ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోంకి వెళ్ళాడు. కన్నడలో కూడా గడ్డె అనే అంటారు కాబట్టి భాష ఇబ్బంది రాలేదు. అల్ట్రాసౌండ్ చేశారు, రిపోర్టులో అంచులు స్పష్టంగా ఉన్న 6.5 సెంటీమీటర్ల గడ్డ, కండరంలో ఉంది, కొవ్వు గడ్డ అయ్యుండొచ్చు అని రాశారు. అంచులు స్పష్టంగా ఉన్నాయన్న మాట చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సార్కోమా విషయంలో ఆ మాటకి పెద్ద విలువ లేదు, ఎందుకో కింద వస్తుంది. అల్ట్రాసౌండ్ పనికిరాదని కాదు, చిన్నగా పైపైన ఉన్న గడ్డకి అది బ్రహ్మాండమైన టెస్టు. కానీ లోతుగా, పెద్దగా ఉన్నదాన్ని అది తేల్చలేదు, ఇది తేల్చాల్సిన గడ్డ అని మాత్రమే చెప్పగలదు.

సూది టెస్ట్ చేద్దామా అన్న మాట ఒకసారి వచ్చింది. ఊళ్ళోంచి అమ్మ ఫోన్‌లో "సూదులు గీదులు వద్దు నాయనా, ఒకేసారి తీయించేసుకో, పీడ పోతాది" అంది. దానికి తోడు ఇన్సూరెన్స్ లెక్క ఒకటి. చాలా పాలసీల్లో ఓపీలో చేసే టెస్టులకి విడిగా డబ్బులు రావు, అడ్మిట్ అయి ఆపరేషన్ చేయించుకుంటే క్యాష్‌లెస్ అవుతుంది. అంటే ఎమ్మారై, సూది బయాప్సీ జేబులోంచి పెట్టుకోవాలి, తప్పు ఆపరేషన్ మాత్రం ఫ్రీగా వస్తుంది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ రోగిని సరిగ్గా తప్పు దారిలోకే తోస్తుంది.

ఆపరేషన్ అరగంటలో అయిపోయింది. తొడ మీద అడ్డంగా కోత పెట్టారు, మచ్చ బాగుంటుందని. కండరం విడదీసి వేలు పెట్టి చుట్టూ తిప్పితే గడ్డ చక్కగా ఊడొచ్చింది, చివర్లో కాస్త చిరిగి రెండు ముక్కలైంది. రక్తం ఊరకుండా ఒక డ్రెయిన్ ట్యూబు పెట్టి, కోతకి నాలుగు సెంటీమీటర్ల పక్కన ఇంకో రంధ్రంలోంచి బయటికి తీశారు. బయట కూర్చున్న వాళ్ళకి గిన్నెలో పెట్టి చూపించారు, మొత్తం వచ్చేసింది అన్నారు. అబద్ధం చెప్పలేదు, వాళ్ళ కంటికి మొత్తమే వచ్చింది. ముక్కని పారేయకుండా పాథాలజీకి పంపడం మాత్రం ఈ కథలో ఒక అదృష్టం, అది కూడా చెయ్యని చోట్లున్నాయి. పది రోజులకి రిపోర్టు వచ్చింది: స్పిండిల్ సెల్ సార్కోమా, అంటే కండె ఆకారపు కణాల సార్కోమా, ముక్కలుగా వచ్చింది కాబట్టి మార్జిన్, అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ ఉందో లేదో, చెప్పలేం.

ఇప్పుడు ఆ చక్కగా ఊడిరావడం సంగతి. రాయలసీమలో చిలగడదుంపని గెనుసుగడ్డ అంటారు. తడి మట్టిలోంచి గెనుసుగడ్డ పీకితే శుభ్రంగా, నున్నగా, ఒక తోలుతో సహా బయటికొస్తుంది, కానీ దాని సన్నటి వేళ్ళు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. సార్కోమా అచ్చంగా ఇదే. అది పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న కండరాన్ని తోసి తోసి చదును చేస్తుంది, అలా నలిగిన కండరం, వాపు వచ్చిన కణజాలం కలిసి గడ్డ చుట్టూ ఒక పొరలా తయారవుతుంది. చూడ్డానికి కొవ్వు గడ్డకి ఉండే తొడుగులాగే ఉంటుంది, స్కాన్‌లో స్పష్టమైన అంచులా కనపడేదీ ఇదే. కానీ అది నిజమైన తొడుగు కాదు, దొంగ తొడుగు, అందులోనూ దాని బయటా క్యాన్సర్ కణాలు వేళ్ళలా చొచ్చుకుని ఉంటాయి. సర్జన్ వేలు సులువుగా తిరిగేది సరిగ్గా ఆ పొరలోనే. అంటే సులువుగా ఊడొచ్చిందంటే వేళ్ళు లోపల మిగిలే ప్రమాదం ఉందన్నమాట. ఇలా తీసినవాళ్ళకి మళ్ళీ ఆపరేషన్ చేసి చూస్తే సుమారు సగం మందిలో, కొన్ని స్టడీల్లో ఇంకా ఎక్కువ మందిలో, మిగిలిపోయిన క్యాన్సర్ దొరుకుతుంది, కంటికి ఏమీ లేదనుకున్న చోట కూడా.

మిగలడం ఒక్కటే అయితే మళ్ళీ వెళ్ళి తీసుకోవచ్చు, ఎక్కడ మిగిలిందో తెలియకుండా పోవడమే అసలు నష్టం. ఆపరేషన్ ముందు క్యాన్సర్ ఫేషియా పొరలు విడదీసిన ఒకే కండరాల గదిలో, ఒక గుండ్రటి ఆకారంలో ఉంది, దాని చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండరం ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన కలిపి తీస్తే సరిపోయేది. ఆపరేషన్ తర్వాత రక్తం కండరాల మధ్య సందుల్లోకి పాకింది, గడ్డ చిరిగినప్పుడు కణాలు ఆ రక్తంలో కలిశాయి, డ్రెయిన్ ట్యూబు అదే రక్తాన్ని ఇంకో కొత్త దారిలో చర్మం దాకా లాక్కొచ్చింది. ఇప్పుడు అనుమానం ఉన్న ఏరియా అంటే కోత, కుట్లు, లోపలి గుంత, రక్తం పాకిన ప్రతి సందు, డ్రెయిన్ రంధ్రం, అన్నీ. అడ్డంగా పెట్టిన కోత వల్ల ఇంకో తిప్పలు. కాలి కండరాలు నిలువుగా పోతాయి కాబట్టి సార్కోమా ఆపరేషన్లు నిలువు కోతతో చేస్తారు, అడ్డం మచ్చని కలిపి తీయాలంటే నిలువుగా తీసేదానికి అడ్డంగా ఇంకో పెద్ద చర్మం ముక్క పోతుంది, అప్పుడు కుట్టి మూయడం కుదరక వేరే చోటి నుంచి కండ, చర్మం తెచ్చి కప్పాలి. మచ్చ బాగుండాలని పెట్టిన కోతే చివరికి తొడకి అతుకు వేయించింది.

రేడియేషన్ కూడా ఇలాగే సాగుతుంది. గడ్డ ఉన్నంత మేర, దాని పైనా కిందా కొంత మార్జిన్ అని లెక్కగా ఇచ్చేదాన్ని ఇప్పుడు మచ్చా, డ్రెయిన్ రంధ్రం, వాపు ఉన్న చోటూ అంతా కలిపి ఇవ్వాలి. ఎంత ఎక్కువ తొడ ఆ ఏరియాలో పడితే తర్వాత కాలు బిగుసుకుపోవడం, వాపు ఉండిపోవడం అంత ఎక్కువ.

కత్తి పెట్టడం వల్లే పాకింది అన్న పెద్దవాళ్ళ మాటలో సగం నిజం ఉందని ఇక్కడ ఒప్పుకోవాలి. అయితే గాలి తగిలి పాకడమో, కత్తి వాసన తగిలి రెచ్చిపోవడమో కాదు, తప్పు పొరలో తప్పు దిక్కులో కోయడం వల్ల చోటు మారింది. ప్రాణం మీద దీని ప్రభావం ఎంత అనే దాని మీద స్టడీలు ఒకేలా చెప్పవు, సరైన సెంటర్‌లో బాగా మళ్ళీ ఆపరేషన్ చేస్తే చాలామంది మామూలు పేషెంట్లలాగే బయటపడతారని కొన్ని, అదే చోట తిరిగొచ్చే ఛాన్స్ పెరుగుతుందని కొన్ని. కాలికి పడే శిక్ష విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

మరి ఇదే మనిషికి వరసగా జరిగుంటే? మొదట ఎమ్మారై, గాడోలినియం కాంట్రాస్ట్‌తో. బయాప్సీకి ముందే తీయడం ముఖ్యం, ఎందుకంటే సూది పొడిచాక కాస్త రక్తం చేరి బొమ్మ చెదిరిపోతుంది. ఎమ్మారై రెండు పనులు చేస్తుంది. ఒకటి, నిజంగా కొవ్వు గడ్డే అయితే అక్కడికక్కడే తేల్చేస్తుంది, గడ్డ మొత్తం పక్కనున్న చర్మం కింది కొవ్వులాగే తెల్లగా కనపడి, కొవ్వుని అణిచేసే సీక్వెన్స్‌లో మొత్తం ఒకేలా నల్లబడితే ఇంక సూది అవసరమే రాదు. అలా కాకుండా కొన్ని చోట్ల నల్లబడకపోయినా, లోపల మందపాటి అడ్డుగోడలున్నా, గడ్డ కాంట్రాస్ట్ పీల్చుకుని వెలిగినా బయాప్సీ తప్పదు. రెండోది, గడ్డ ఏ కండరంలో ఉంది, పెద్ద నరం, రక్తనాళం, ఎముక ఎంత దూరంలో ఉన్నాయి అన్న మ్యాపు ఇస్తుంది. ఆ మ్యాపు చూసే సూది ఎక్కడ పొడవాలో నిర్ణయిస్తారు, నిర్ణయించాల్సింది కూడా తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే, లేదా ఆయనతో మాట్లాడిన రేడియాలజిస్టు.

ఇప్పుడు అందరూ భయపడే సూది. ఇది రక్తం తీసే సన్న సూది కాదు, ఆ సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీలో విడివిడి కణాలు వస్తాయి తప్ప అవి ఎలా అమరి ఉన్నాయో తెలియదు, అందుకని సార్కోమా ఏ రకమో, గ్రేడ్ ఎంతో చెప్పడం కష్టం. కావాల్సింది ట్రూకట్ సూది, 14 లేదా 16 గేజ్. చర్మానికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఒకే రంధ్రంలోంచి సూదిని కోణం మారుస్తూ నాలుగు నుంచి ఆరు సన్నటి ముక్కలు తీస్తారు, ఒక్కోటి సేమియా పుల్లలా ఉంటుంది. టిక్కుమని చప్పుడొస్తుంది, ఆ చప్పుడుకే ఎక్కువ ఉలిక్కిపడతారు. పెద్ద గడ్డ మధ్యలో చచ్చిపోయిన భాగం ఉంటుంది, అక్కడ పొడిస్తే రిపోర్టులో ఏమీ రాదు, అందుకే ఎమ్మారైలో కాంట్రాస్ట్‌తో వెలిగిన భాగం నుంచి తీస్తారు. పని మొత్తం ఇరవై నిమిషాలు, గట్టిగా నొక్కిపెట్టి పట్టీ వేసి, కాసేపు చూసి అదే రోజు ఇంటికి పంపేస్తారు.

సూది దారిలో కణాలు పడవా అంటే, పడొచ్చు గానీ చాలా అరుదు. ఆ అరుదైనదానికి కూడా ముందే ఏర్పాటు ఉంటుంది. సూది పొడిచే చోటు తర్వాత పెట్టబోయే నిలువు కోత గీత మీదే ఉంటుంది, సూది ఒకే కండరాల గదిలోంచి వెళ్తుంది, పక్క గదిని గానీ పెద్ద రక్తనాళాన్ని గానీ దాటదు. అవసరమనుకుంటే ఆపరేషన్ రోజు ఆ రెండు మిల్లీమీటర్ల దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తారు. సూది దారి ఎక్కడుందో కచ్చితంగా తెలుసు, వేలు పెట్టి తిప్పిన గుంత ఎక్కడిదాకా పాకిందో ఎవరికీ తెలియదు. తేడా అంతా ఇదే.

ముక్కలు చాలకపోతే, లేదా పాథాలజిస్ట్ చెప్పలేనంటే, మళ్ళీ సూదితోనే తీస్తారు, అప్పటికీ కాకపోతే చిన్న నిలువు కోతతో ఓ ముక్క తీసే ఓపెన్ బయాప్సీ. గడ్డ మొత్తాన్ని ముందే తీసి చూడడం అనేది 3 సెంటీమీటర్ల లోపు, పైపైన ఉన్న చిన్నవాటికే ఒప్పుకుంటారు, అది కూడా మళ్ళీ తీయాల్సొస్తే కుదిరేలా కోత పెట్టి.

పాథాలజీలో రిపోర్టు రెండు వారాలు పడితే చిరాకు పడతాం గానీ అక్కడ జరిగేది చిన్న పని కాదు. సార్కోమా వంద రకాల దాకా ఉంటుంది, మామూలు రంగులో చాలా రకాలు ఒకేలా, కండె ఆకారపు కణాల్లా కనపడతాయి. అందుకే వేరే వేరే ప్రొటీన్లకి రంగు పట్టించే ఇమ్యునో టెస్టులు, కొన్నిసార్లు జీన్ టెస్ట్ కూడా చేస్తారు. మన కేసులో అది సైనోవియల్ సార్కోమా అని తేలింది, ఎస్ఎస్18 అనే జీన్ విరిగి వేరే చోట అతుక్కుందని ఫిష్ అనే జీన్ టెస్టులో కనపడింది. పేరు చూసి కీలు లోపలి పొర నుంచి వచ్చింది అనుకుంటారు, కాదు, పేరు పాత పొరపాటు అలాగే ఉండిపోయింది. ఎక్కువగా యువకుల్లో వస్తుంది, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతుంది, ఎప్పట్నుంచో ఉంది కదా మంచిదేలే అనిపించి మోసం చేసేది ఇదే. పేరు కంటే ఎక్కువ పనికొచ్చేది గ్రేడ్. కణాలు మామూలు కణజాలానికి ఎంత దూరంగా ఉన్నాయి, ఎంత వేగంగా విడిపోతున్నాయి, ఎంత భాగం చచ్చిపోయింది, ఈ మూడింటికీ మార్కులేసి కలిపితే గ్రేడ్ వస్తుంది, ఊపిరితిత్తులకి పాకే ప్రమాదం ఎంతో దాదాపు దాన్నిబట్టే చెప్తారు.

గ్రేడ్ వచ్చాక ఛాతీ సీటీ. సార్కోమా ఎక్కువగా లింఫ్ గడ్డల్లోకి కాకుండా రక్తంలో ఊపిరితిత్తులకి వెళ్తుంది కాబట్టి మొదట వెతకాల్సింది అక్కడే. మిక్సాయిడ్ లైపోసార్కోమా లాంటిది మాత్రం వెన్నెముకకీ పొట్టలోకీ కూడా వెళ్తుంది, దానికి అవి కూడా స్కాన్ చేస్తారు. ఏ స్కాన్ ఎవరికి అనేది రకం తెలిశాకే తేలుతుంది, అందుకే బయాప్సీకి ముందే పెట్ స్కాన్ చేయించుకుని ఫైలు పట్టుకుని తిరగడంలో పెద్ద అర్థం లేదు, పెట్‌లో వెలిగింది కాబట్టి ఫలానా రకం అని ఎవరూ చెప్పలేరు.

మన మనిషి ఇవన్నీ తర్వాత చేయించుకున్నాడు, తలకిందులు వరసలో. రిపోర్టు చూసి నర్సింగ్ హోం సర్జనే వెంటనే ఒక క్యాన్సర్ సెంటర్‌కి పంపించారు, తనే ఇంకోసారి కోసి సరిచేద్దామని చూడలేదు, అది ఆయన చేసిన మంచి పని. బెంగళూరులో కిద్వాయ్, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్లకి సీమ జిల్లాల నుంచీ నెల్లూరు వైపు నుంచీ మనవాళ్ళు బోలెడంత మంది వస్తుంటారు, అక్కడికొచ్చే వాళ్ళల్లో చాలామంది చేతుల్లో కేవలం డిశ్చార్జ్ సమ్మరీ ఉంటుంది. సమ్మరీ చాలదు. పాత ల్యాబ్ నుంచి మైనంలో పోసి పెట్టిన బ్లాకులు, గాజు స్లైడులు, మొదటి అల్ట్రాసౌండ్ బొమ్మలు, ఆపరేషన్ నోట్స్, నాలుగూ కావాలి. బ్లాకులుంటే రకం, గ్రేడ్ మళ్ళీ చూడొచ్చు. అల్ట్రాసౌండ్ బొమ్మలే గడ్డ ముందు ఎక్కడ, ఎంత ఉందో చెప్పే ఏకైక సాక్ష్యం. కోత ఎలా పెట్టారో, డ్రెయిన్ ఎటు తీశారో నోట్స్‌లో రాసుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు తీసిన ఎమ్మారైలో తొడ అంతా ఆపరేషన్ వాపు. తెల్లటి తోకలా కనిపించే గీత కుట్ల వాపా, మిగిలిన క్యాన్సరా అని రేడియాలజిస్ట్ తేల్చలేకపోయారు. ఛాతీ సీటీ శుభ్రంగా ఉంది. అందరూ కూర్చుని మాట్లాడుకునే ట్యూమర్ బోర్డులో ముందు రేడియేషన్, తర్వాత ఆపరేషన్ అని నిర్ణయించారు: మచ్చ, డ్రెయిన్ రంధ్రం అన్నీ కలిసేలా 25 సిట్టింగుల్లో మొత్తం 50 గ్రే డోసు, వారానికి ఐదు రోజుల లెక్కన ఐదు వారాలు. అది అయ్యాక చర్మం కుదుటపడ్డానికి ఇంకో ఐదు వారాలు ఆగి ఆపరేషన్. మచ్చ దగ్గర్నుంచి లోపలి గుంత దాకా తెరవకుండా ఒకే దిమ్మగా తీశారు, తొడ ముందువైపు కండరాలు నాలుగింటిలో ఒకటి చాలావరకు పోయింది, అడ్డం మచ్చ వల్ల చర్మం మూతపడక కండ, చర్మం తెచ్చి కప్పారు. ముందే రేడియేషన్ ఇచ్చిన చోట గాయం లేటుగా మానుతుంది, ఇతనికీ రెండు నెలలు పట్టింది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకుంటాడు.

ఆ దిమ్మని పాథాలజీలో అంగుళం అంగుళం కోసి చూశారు. గడ్డ మొదట ఉన్న గుంతలో ఏమీ దొరకలేదు. దొరికింది ఇంకో చోట, చర్మం కింద, నాలుగు మిల్లీమీటర్ల చుక్క ఒకటి, డ్రెయిన్ ట్యూబు బయటికొచ్చిన రంధ్రం పక్కన.